ప్రీకాస్ట్ సైటులో ఉద్యోగం: పని ఎక్కడుంది, ఇంజనీరింగు ఎక్కడుంది?

ప్రశ్న: బీటెక్ సివిల్ చివరి సంవత్సరంలో ఉన్నాను. హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రీకాస్ట్ సంస్థ నన్ను సైటు ఎరెక్షన్ విభాగంలో ట్రైనీగా తీసుకుంటానంటోంది. “ఫ్యాక్టరీలో తయారైన స్తంభాలు, స్లాబులు క్రేనుతో పెట్టించడమే కదా, అందులో నేర్చుకునేదేముంది?” అని నాన్నగారు అంటున్నారు. చేరమంటారా?

జవాబు: చేరండి. కాకపోతే సైటుకు వెళ్లేముందు కొన్ని వారాలైనా ఫ్యాక్టరీలో ఉంచమని అడగండి. ఎందుకో హాలోకోర్ స్లాబునే తీసుకుని చెబుతాను.

ఈ స్లాబు సాధారణంగా 1.2 మీటర్ల వెడల్పు ఉంటుంది, పొడవునా లోపల గుండ్రటి ఖాళీలుంటాయి. అడుగుభాగంలో గట్టిగా లాగి బిగించిన ఉక్కు తీగలుంటాయి. చాలా స్లాబుల్లో పైభాగాన ఉక్కే ఉండదు. అంటే రెండు చివర్లా ఆనించి పైనుంచి బరువు వేస్తే బాగా మోస్తుంది గానీ, మధ్యలో ఆనించి చివర్లను గాలికి వదిలితే పైముఖం పగులుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే రవాణాలో సగం జాగ్రత్తలు మీరే ఊహించగలరు. ట్రెయిలరు మీద పేర్చేటప్పుడు చెక్క దిమ్మెలు చివర్లకు దగ్గరగా రెండే ఉండాలి. పై వరుస దిమ్మెలు కింది వరుస దిమ్మెల మీదే నిలువుగా రావాలి. “బలంగా ఉంటుంది” అని డ్రైవరు మధ్యలో మూడో దిమ్మె పెట్టాడనుకోండి, గతుకుల రోడ్డులో ట్రెయిలరు వంగినప్పుడల్లా బరువంతా ఆ మధ్య దిమ్మె మీద పడుతుంది. సైటులో బండి ఆగగానే స్లాబు పైముఖాన్ని అడ్డంగా పరికించి చూడండి. వెంట్రుక మందం గీత వెడల్పంతా సాగి ఉంటే ఆ స్లాబును పక్కన పెట్టించి డిజైనరును అడగాలి. దాని మీద సిమెంటు పూసి పైకెత్తించే మేస్త్రీలు ఉంటారు, వాళ్ల అనుభవానికి మొహమాటపడకండి.

ఎత్తడం ఇంకో పాఠం. హాలోకోర్ స్లాబులో సాధారణంగా కొక్కేలుండవు. అంచుల్లో ఉండే గాడిని పట్టుకునే క్లాంపులతో ఎత్తుతారు, జారితే ఆపడానికి అడుగున భద్రతా గొలుసులు వేస్తారు. స్లాబు దాదాపు చోటుకు చేరాకే గొలుసులు తీయాలి. గది చివర సరిపోవడానికి వెడల్పు తగ్గించి కోసిన ముక్కలకు కోసిన వైపు గాడి ఉండదు, కాబట్టి అదే క్లాంపు పట్టదు. వాటిని ఎలా ఎత్తాలో డ్రాయింగులో రాసి ఉందా అని ముందురోజే చూసుకోవాలి.

స్తంభాల దగ్గర లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. 450 మిల్లీమీటర్ల చదరం, 10 మీటర్ల పొడవున్న స్తంభం తీసుకోండి. ఘనపరిమాణం సుమారు 2 ఘనపు మీటర్లు, బరువు 5 టన్నులు. కొక్కెం, స్లింగులు, బీము కలిపితే ఐదున్నర దాకా వస్తుంది. “మన దగ్గర 50 టన్నుల క్రేను ఉంది” అని కాంట్రాక్టరు నిశ్చింతగా ఉంటాడు. ఆ 50 టన్నులు క్రేను పక్కనే మూడు మీటర్ల దూరంలో ఎత్తే లెక్క. బూము చాచి 20 మీటర్ల అవతల పెట్టాలంటే అదే క్రేను సామర్థ్యం ఆరేడు టన్నులకు పడిపోవచ్చు. అది కూడా క్రేను పక్కలకు చాచే కాళ్లు, అంటే అవుట్‌రిగ్గర్లు పూర్తిగా చాచి, గట్టి నేల మీద ఉన్నప్పుడు. నిన్న పూడ్చిన పునాది గుంత పక్కన అవుట్‌రిగ్గరు పెడితే ఆ లెక్క చెల్లదు. క్రేను ఎక్కడ నిలబడుతుందో, బండి ఎటునుంచి వస్తుందో కాగితం మీద గీసే పని మీకు అప్పగిస్తే, అది చిన్న పని అనుకోకండి.

స్లింగు కోణం కూడా చూడాలి. రెండు కాళ్ల స్లింగుతో ఎత్తేటప్పుడు కాళ్లు నేలకు 60 డిగ్రీల కోణంలో ఉంటే 5 టన్నుల బరువుకు ఒక్కో కాలి మీద సుమారు 2.9 టన్నుల లాగుడు పడుతుంది. 30 డిగ్రీలైతే ఒక్కో కాలి మీదే పూర్తి 5 టన్నులు. స్లింగులు పొట్టివైతే ఎత్తడం తేలికని సైటులో చాలామంది నమ్ముతారు, నిజం దానికి తలకిందులు.

ఇక అసలు విషయం అతుకులు. ఫ్యాక్టరీలో వచ్చిన నాణ్యతంతా ఇక్కడే నిలబడుతుంది, లేదా పోతుంది. 2001లో భుజ్ భూకంపంలో కచ్ ప్రాంతంలోని ప్రీకాస్ట్ పాఠశాల భవనాలు చాలా కూలాయి. పైకప్పు పలకలను ఒకదానితో ఒకటి, గోడలతో సరిగా ముడివేయకపోవడం అందుకు ముఖ్య కారణం.

స్తంభం అతుకు ఎలా ఉంటుందో చూడండి. పునాదిలోంచి డోవెల్ కడ్డీలు పైకి వస్తాయి, స్తంభం అడుగున ఉన్న స్లీవుల్లోకి, అంటే గొట్టాల్లోకి, దూరాలి. కడ్డీ ఒక సెంటీమీటరు పక్కకు పోయినా స్తంభం దిగదు. అప్పుడు క్రేను అద్దె పెరుగుతోందని ఎవరో గ్యాసు మంటతో కడ్డీ వంచుతారు, లేదా కోసేస్తారు. ఆ స్తంభం నిలబడినట్టే కనిపిస్తుంది. అందుకే కాంక్రీటు పోసే రోజునే ఇనుప టెంప్లేటుతో కడ్డీల స్థానాలు కొలిచి రాసుకోవడం ఎరెక్షన్ ఇంజనీరు పని, పునాది బృందం పని మాత్రమే కాదు. స్తంభం షిమ్ములనే పలుచని పలకల మీద కూర్చున్నాక, ప్రాపులనే తాత్కాలిక ఊతాలతో నిలువు సరిచేసి, అడుగు సందు చుట్టూ మూసి, స్లీవు కింది రంధ్రం నుంచి గ్రౌటు, అంటే జారే సిమెంటు మిశ్రమం, పంపుతారు. పై రంధ్రం నుంచి గాలి బుడగలు లేకుండా గ్రౌటు ధారగా వచ్చేదాకా ఆపకూడదు. ఏ స్లీవు నుంచి రాలేదో అక్కడ లోపల ఖాళీ ఉందని అర్థం. వేసవి మధ్యాహ్నం మన దగ్గర గ్రౌటు చాలా త్వరగా బిగుస్తుంది. పలుచన చేయడానికి ఎవరైనా మళ్లీ నీళ్లు కలుపుతుంటే ఆ బకెట్టు పారబోయించండి.

స్లాబుల మధ్య గాళ్లలో పోసే సన్న కంకర కాంక్రీటుకూ ఇంతే శ్రద్ధ కావాలి. అది బరువును పక్క స్లాబుకు పంచుతుంది, అంతస్తు మొత్తాన్ని ఒక్క పలకలా పనిచేయిస్తుంది. గాడిలో దుమ్ము ఊడ్చకుండా, తడపకుండా పోస్తే కొన్ని నెలల తర్వాత సీలింగు మీద ప్రతి 1.2 మీటర్లకూ ఒక తిన్నని పగులు కనిపిస్తుంది. మన వానాకాలపు బెడద ఇంకోటి: స్లాబు ఖాళీల్లో చేరిన వాననీరు. అడుగున నీరు పోయే రంధ్రాలు మూసుకుపోతే, ఇల్లు అప్పగించాక ఎండాకాలంలో సీలింగు కారుతుంది, అందరూ పైనున్న బాత్రూమును తిడతారు.

స్లాబు దూలం మీద ఎంత ఆనిందన్నది టేపుతో కొలవండి. డ్రాయింగులో 75 మిల్లీమీటర్లు అని ఉండి, దూలం 20 పక్కకు ఉంటే మిగిలింది 55. డిజైనరు అనుమతించిన కనీసం ఎంతో ముందే అడిగి రాసుకుంటే అక్కడికక్కడే నిర్ణయం తీసుకోవచ్చు.

నాన్నగారికి ఇదంతా చెప్పండి. పుస్తకం కావాలంటే భారత ప్రమాణం ఐఎస్ 15916 చదవండి. ప్రీకాస్ట్ భవనాల డిజైనుకూ ఎరెక్షనుకూ అదే ఆధారం. రెండు మూడేళ్లు ఈ పని చేసినవారికి అతుకుల డిజైను ఆఫీసులోకి, క్రేను ప్రణాళిక విభాగంలోకి దారి ఉంటుంది. నేరుగా కంప్యూటరు ముందు కూర్చున్నవారికి స్తంభం ఎందుకు దిగదో తెలియడం కష్టం.

చేరేముందు ఇంటర్వ్యూలో ఒక మాట అడగండి: “గ్రౌటు క్యూబుల బలపరీక్ష ఫలితం రాకముందే ప్రాపులు తీసి పై అంతస్తుకు పంపమని ఒత్తిడి వస్తే మీ దగ్గర ఎవరు ఆపుతారు?” హోదాతో సహా ఒక మనిషిని చూపిస్తే చేరండి. “అలాంటివి మా సైటులో జరగవు” అంటే ఇంకో సంస్థ కోసం చూడండి.