లైబ్రేరియన్ కథ రాస్తున్న మేనకోడలికి

చిట్టీ,

నీ కథ రెండుసార్లు చదివాను. మారతహళ్లి వచ్చి ఎదురుగా కూర్చుని చెబుదామనుకున్నాను గానీ, విద్యారణ్యపుర నుంచి బయల్దేరితే ఈ బెంగళూరు ట్రాఫిక్‌లో హెబ్బాళ దగ్గరే సగం పూట పోతుంది. అందుకే ఉత్తరం.

చిన్న ఊరు బాగా కుదిరింది. శ్రీకాకుళం నుంచి మడకశిరకి బదిలీ అయి వచ్చిన బ్యాంకు కుర్రాడూ బాగున్నాడు. అతను నోరు తెరిస్తే యాసకి నలుగురూ నవ్వుతారు, దాంతో అవసరమైతే తప్ప మాట్లాడటం మానేశాడు అని రాశావు చూడూ, అది నిజం. కానీ లైబ్రేరియన్ దగ్గరికొచ్చేసరికి కథ జారిపోయింది. ఆవిడ అతని మొహం చూడగానే బాధ పసిగట్టేసింది. లేచి వెళ్లి ఒంటరితనం మీద రాసిన నవల తెచ్చి చేతిలో పెట్టింది. అతను రాత్రంతా చదివి ఏడ్చాడు, తెల్లారేసరికి మనిషి మారిపోయాడు. నా ఉద్యోగమంతా శాఖా గ్రంథాలయాల్లోనే గడిచింది, ఇలా జరగడం నేనెప్పుడూ చూడలేదు. లైబ్రేరియన్‌కి ముందు కనిపించేది మొహం కాదే. పేపర్ల బల్ల చుట్టూ వంగి ఉన్న తలకాయలు, రిజిస్టర్లో సంతకాలు, తిరిగొచ్చిన పుస్తకాలు. ఆవిడ ఏం కనిపెట్టినా వాటిలోంచే కనిపెట్టాలి.

నీ కుర్రాణ్ణి పేపర్ల బల్ల దగ్గర కూర్చోబెట్టు. సభ్యత్వం లేకపోయినా పేపరు చదువుకోవచ్చు కాబట్టి కొత్తవాళ్లు ముందు అక్కడికే వస్తారు. అతను మెయిన్ పేపర్ పక్కన పెట్టి జిల్లా అనుబంధం తీస్తాడు. అందులో ఉండేది ఈ జిల్లా వార్తలే. శ్రీకాకుళం పేజీలు ఇక్కడి ఎడిషన్‌లో రావు. ఆ సంగతి అతనికి మొదటిరోజే తెలిసిపోతుంది, అయినా రోజూ తీసి చివరిదాకా తిరగేస్తాడు. మళ్లీ మెయిన్ పేపర్ తీసుకుని తుఫాను వార్తల్లో వాళ్ల వైపు ఊరి పేరేమైనా ఉందేమోనని వెతుకుతాడు. రోజూ పేపర్లు సర్దే మనిషికి ఇది కనిపించి తీరుతుంది. 'ఈ అబ్బాయి వార్తల కోసం రావట్లేదు' అని ఆవిడకి తెలియడానికి ఆ ఒక్క పని చాలు. నువ్వు మాత్రం ఆ వాక్యం రాయకు. అనుబంధం తిరగేయడం చూపించి ఊరుకో.

ఇంకో సంగతి. మన ఆంధ్రా గ్రంథాలయాలకి వారం సెలవు శుక్రవారం, ఆదివారం తెరిచే ఉంటాయి. నువ్వు ఆదివారం తాళం వేయించి అతన్ని బస్టాండులో తిప్పావు. బ్యాంకుకి సెలవు, వండుకునే ఓపిక లేదు, ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ గొంతు మారుతుంది. అలాంటి రోజు ఊళ్లో అతని కోసం తెరిచి ఉన్న తలుపు అదొక్కటే. ఆదివారాన్ని తాళం వేసి పోగొట్టుకోకు.

ఇప్పుడు పుస్తకం సంగతి. ఒంటరిగా ఉన్నవాడికి ఒంటరితనం పుస్తకం ఇస్తే, నీ సంగతి నాకు తెలిసిపోయింది అని నలుగురిలో చెప్పినట్టే. మర్యాదస్తుడు నవ్వుతూ తీసుకుని మర్నాడే తెచ్చిచ్చేస్తాడు. అనుభవం ఉన్న లైబ్రేరియన్ ఆ పని చెయ్యదు. అసలు ఆవిడ ఆలోచన మనిషి దగ్గర కాదు, పుస్తకం దగ్గర మొదలవుతుంది. గ్రంథాలయ శాస్త్రానికి రంగనాథన్ గారు 1931లో అచ్చువేసిన ఐదు సూత్రాల్లో రెండోది, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం. అందరూ అదే చెబుతారు. నాకు మూడోదే ఇష్టం: ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు. ఆయన చివరి రోజులు గడిచింది నువ్వుంటున్న ఈ బెంగళూరులోనే. 1962లో డాక్యుమెంటేషన్ శిక్షణ కేంద్రం పెట్టిందీ ఇక్కడే. నీ లైబ్రేరియన్‌ని ఆ మూడో సూత్రం మనిషిగా రాయి. బీరువాలో ఏళ్ల తరబడి కదలని పుస్తకాన్ని ఎవరికైనా అంటగట్టాలని ఆవిడ తాపత్రయం. అప్పుడు ఆవిడ దేవత అవ్వకుండా ఉంటుంది.

ఏ పుస్తకమో కూడా చెబుతాను, నచ్చితే వాడుకో. రెండు భాగాల పాత నవల. పేరు నువ్వే పుట్టించు. పాత లైబ్రరీల్లో ఇలాంటివి జంటగా దొరకడమే అరుదు. ఇక్కడ మొదటి భాగం బీరువాలో పడి ఉంది. వెనక అట్టకి అంటించిన తేదీ చీటీ మీద ఒకప్పుడు వరసగా ముద్రలున్నాయి, ఆ తర్వాత అంతా ఖాళీ. రెండో భాగం మాత్రం ఎప్పుడూ బయటే ఉంటుంది. రిటైరైన హెడ్మాస్టరు గారొకాయన దాన్ని తీసుకెళ్తాడు, గడువు కాగానే తెచ్చి రెన్యువల్ చేయించుకుంటాడు. మొదటి భాగం ఆయనకి సొంతంగానే ఉంది. రెండోది ఎప్పుడో ఎవరికో ఇస్తే తిరిగి రాలేదు. ఈ సంగతి ఊళ్లో లైబ్రేరియన్‌కి ఒక్కదానికే తెలుసు, అదీ రిజిస్టర్ వల్ల.

ఆ పుస్తకం ఎందుకు సరైనదో చూడు. కథ బాగుంటుంది, సరే. అంతకంటే, అది సగంలో ఆగిపోతుంది. మిగతా సగం ఇంకో మనిషి దగ్గర ఉంది.

ఇక చేరవేయడం. చేతికిచ్చి "ఇది చదవండి సార్" అనిపించకు. లైబ్రరీలో పుస్తకాలకి మంచి గిరాకీ ఉండే చోటు బీరువా కాదు, ఆరోజు తిరిగొచ్చినవి సర్దకుండా బల్ల మీద పెట్టిన దొంతర. ఎవడో చదివి తెచ్చాడంటే అందులో ఏదో ఉంటుందని జనం ముందు దాన్నే కెలుకుతారు. ఈ బలహీనత తెలిసిన ఆవిడ, మొదటి భాగాన్ని దుమ్ము దులిపి, ఎవరూ తిరిగివ్వకపోయినా ఆ దొంతరలో పైనుంచి రెండోదిగా పెడుతుంది. పైన ఏదో పోటీ పరీక్షల పుస్తకం. మొదటిరోజు ఎవరూ ముట్టుకోరు. మర్నాడు ఇంకెవరో తీసి చూసి వేరేచోట పడేస్తారు. ఆవిడ మళ్లీ తెచ్చి పెడుతుంది. ఇక్కడ కాస్త నవ్వించు.

ఇక్కడే నువ్వు చూసుకోని చిక్కొకటుంది. కుర్రాడు సభ్యుడు కాడు. పుస్తకం ఇంటికివ్వాలంటే డిపాజిట్ కట్టాలి, ఊళ్లో చిరునామాకి రుజువు చూపించాలి. అతని ఆధార్ మీద శ్రీకాకుళం జిల్లా ఉంది. అద్దెగది ఓనరు కాగితం మీద రాసిచ్చేరకం కాదు. మరి ఆవిడేం చేస్తుంది? తన పేరు మీద రాసుకుని ఇస్తుంది. ఇది చిన్న విషయం కాదు. స్టాక్ వెరిఫికేషన్‌లో పుస్తకం తగ్గితే సమాధానం చెప్పుకోవాల్సింది ఆవిడే. బదిలీ ఉద్యోగి పుస్తకంతో సహా వెళ్లిపోతే జేబులోంచి కట్టుకోవాలి. నీ కథలో ఆవిడ దయకి ఖర్చు లేదు, అందుకే చప్పగా ఉంది. రిజిస్టర్లో సభ్యుడి పేరు రాసే గడిలో ఆవిడ తన పేరు రాసుకునే ఒక్క నిమిషం నిదానంగా చూపించు. అతను అవతల నిలబడి తలకిందులుగా ఆ పేరు చదువుతాడు. "థాంక్స్ మేడమ్" అనబోతే ఆవిడ "రెండు వారాల్లో తేవాలి, ఆలస్యమైతే ఫైన్" అంటుంది. అంతకుమించి ఒక్క మాట వద్దు.

చదివాడో లేదో ఆవిడకెలా తెలుస్తుందని అడుగుతావు. చెబుతాను. ఏళ్లపాటు తియ్యని పుస్తకంలో వానాకాలం చెమ్మకి పేజీలు అక్కడక్కడా అతుక్కుపోతాయి. తిరిగిచ్చినప్పుడు బొటనవేలితో సర్రున తిప్పితే, ఎక్కడ వేలు ఆగితే పాఠకుడూ అక్కడే ఆగాడన్నమాట. నలభయ్యో పేజీ దగ్గర ఇంకా అతుక్కునే ఉంటే చదవలేదు. "చాలా బాగుంది మేడమ్" అని చెప్పేవాళ్ల పుస్తకాలే ఎక్కువగా అలా ఉంటాయి. మేం వెనక్కి తీసుకునేటప్పుడు పేజీలు తిప్పేది చిరుగుల కోసమే అనుకుంటారు అందరూ.

మొదట ఒక పుస్తకం బెడిసికొట్టనీ. ఆవిడ మొదట్లో ఉత్తరాంధ్ర జానపద గీతాల పుస్తకం పెట్టిందనుకో. సొంతూరి వాసన తగిలితే సంతోషిస్తాడని ఎవరైనా అనుకుంటారు. అతను రీడింగ్ రూమ్‌లోనే నాలుగు పేజీలు చదివి, మూసేసి, ఆ వారమంతా రాడు. ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాడికి ఇంటినే చూపిస్తే అంతే మరి. మీ పీజీలో కొత్తగా దిగిన పిల్లల్ని చూడు, మొదటి నెలలో మన భోజనం హోటల్‌కి వెళ్లొచ్చిన రాత్రే ఎక్కువ ఏడుస్తారు. ఆ ఖాళీ వారం తర్వాతే నవల రావాలి.

ఇప్పుడు చివర. అతను గడువుకి ముందే వస్తాడు. పేజీలన్నీ విడివడి ఉంటాయి. రెండో భాగం ఎక్కడ అని అడుగుతాడు. కథలో అతను తనంతట తాను అడిగే మొదటి ప్రశ్న ఇదే కావాలి, కాబట్టి ముందు పేజీల్లో అతని చేత ఏమీ అడిగించకు. ఆవిడ "బయటుంది" అంటుంది. ఎవరి దగ్గరో చెప్పదు. ఎవరేం తీసుకెళ్లారో ఇంకో పాఠకుడికి చెప్పకూడదు, అది మా వృత్తి మర్యాద. నీ డ్రాఫ్టులో ఆవిడ ఊరందరి కబుర్లూ చెబుతోంది, అదంతా కొట్టెయ్. పేరు చెప్పకూడదు గానీ, పుస్తకాన్ని అతని కోసం రిజర్వు చేయగలదు. ఒకరు రిజర్వు చేస్తే ఇంకొకరికి రెన్యువల్ కుదరదు. హెడ్మాస్టరు గారు ఎప్పటిలాగే గడువు రోజు తెచ్చి బల్ల మీద పెడతాడు. "ఈసారి లేదండీ, ఎవరో అడిగారు" అంటుంది. ఆయన అదిరిపడతాడు. ఇన్నేళ్లలో ఆ పుస్తకం ఇంకొకళ్లు అడగడమా! పుస్తకం వదలడు, అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుంటాడు, ఆ అడిగినవాడెవడో చూసి వెళ్తానని. అది ఆదివారం సాయంత్రం. బ్యాంకు కుర్రాడు ఎప్పుడొస్తాడో ఆవిడకి తెలుసు.

అక్కడ ఆపెయ్. వాళ్లిద్దరూ స్నేహితులయ్యారనీ, ముసలాయన కూతుర్ని ఇచ్చి పెళ్లి చేశాడనీ రాశావంటే నేను చదవను.

తిరగరాసి ప్రింటు తీసి పంపు, ఫోన్లో అక్షరాలు నాకు ఆనట్లేదు. రిజిస్టర్ గడులు ఎలా ఉంటాయో గీసి ఇందులో పెట్టాను. తేదీ గడి ఎడమవైపు ఉంటుంది, నువ్వు కుడివైపు రాశావు.

మీ అత్త