స్టాప్‌లాస్ పెట్టినా ఆ ధర ఎందుకు రాలేదు, ఎన్ని షేర్లు కొనాలి?

ప్రశ్న: 600 రూపాయల షేరుకు 585 దగ్గర స్టాప్‌లాస్ పెట్టాను. కంపెనీ ఫలితాలు వచ్చిన మరుసటి ఉదయం 541కి అమ్ముడైంది. ఇది బ్రోకర్ తప్పా? ఇకపై రాత్రి షేర్లు ఉంచుకోవాలంటే ఎన్ని కొనాలి?

జవాబు: బ్రోకర్ తప్పు కాదు. మీకు 541 అయినా దక్కింది, నాకు అదీ దక్కలేదు.

మా నాన్నది ఎనుమాముల మార్కెట్లో అడ్తి వ్యాపారం. నిన్న సాయంత్రం మిర్చి ధర ఎంత ఉన్నా, ఈ ఉదయం జెండా పాటలో వ్యాపారులు పలికిందే ఈ రోజు ధర. ‘అంతకు తక్కువైతే ఇవ్వను’ అని రైతు రాత్రి అనుకున్న అంకె పాటలో ఎవరినీ కట్టిపడేయదు. షేర్ల సంగతీ అంతే. మధ్యాహ్నం 3:30కి మూసిన మార్కెట్ మరునాడు 9:15కి తెరుచుకునేలోపు ఏ వార్త వచ్చినా, దాని ప్రభావమంతా మొదటి ధరలోనే కనిపిస్తుంది. 600 నుంచి 541కి మధ్య అంకెల్లో అసలు బేరమే జరగదు. 585కి కొనేవాడే లేనప్పుడు అమ్మడం ఎలా?

ఇక నాకు జరిగింది చెబుతాను. నా దగ్గర 4 లక్షలు ఉండేవి. ఒక్క షేరులో 1 శాతం, అంటే 4,000 రూపాయలకు మించి పోకూడదని నియమం పెట్టుకున్నాను. 500కి ఒక షేరు కొని స్టాప్‌లాస్ 490 దగ్గర పెట్టాను. షేరుకు 10 రూపాయల నష్టమే కదా, 400 షేర్లు కొనవచ్చని లెక్క వేశాను. మామూలు స్టాప్‌లాస్ ఆర్డర్ ఆ రోజుతోనే రద్దవుతుంది కాబట్టి రోజుల తరబడి నిలిచే జీటీటీ ఆర్డర్ వాడాను: ట్రిగ్గర్ 490, లిమిట్ 488. సాయంత్రం ఫలితాలు వచ్చాయి. ఉదయం షేరు 430 దగ్గర తెరుచుకుంది. ట్రిగ్గర్ పనిచేసింది, 488కి అమ్మే ఆర్డర్ ఎక్స్‌చేంజికి వెళ్లింది, అక్కడే ఆగిపోయింది. 488 కంటే తక్కువకు అమ్మవద్దని చెప్పింది నేనే మరి. హనుమకొండలో బస్సు దిగి ఫోను చూసేసరికి ఆర్డర్ ఇంకా పెండింగులోనే ఉంది. దాన్ని మార్కెట్ ఆర్డర్‌గా మార్చేటప్పటికి 412 వచ్చింది. షేరుకు 88 చొప్పున 35,200 పోయాయి. 4,000 అనుకున్న చోట దాదాపు తొమ్మిది రెట్లు. మార్కెట్ ధరకు అమ్మే స్టాప్ అయితే 430 దగ్గర దక్కి, 28,000తో పోయేది. అదీ తక్కువ నష్టమేమీ కాదు.

అసలు పొరపాటు లిమిట్‌లో కంటే షేర్ల సంఖ్యలో ఉంది. స్టాప్ ఎంత దగ్గరగా పెడితే లెక్క అన్ని ఎక్కువ షేర్లు కొనమంటుంది. అదే స్టాప్ 480 దగ్గర ఉంటే 200 షేర్లే కొనేవాణ్ని, 430 దగ్గర పోయేది 14,000. దగ్గరి స్టాప్ పగటి పూట కాపాడుతుంది, ముగింపు ధరకూ మర్నాటి ప్రారంభ ధరకూ మధ్య పడే రాత్రి గ్యాప్‌కు మాత్రం మనల్ని ఎక్కువగా అప్పగిస్తుంది. ఈ సంగతి తెలియక చాలామంది చేతులు కాల్చుకోవడం చూస్తే బాధేస్తుంది.

ఇప్పుడు రెండు లెక్కలు వేసి, తక్కువ వచ్చిన సంఖ్యే కొంటాను. ఒకటి పాతదే. రెండోది గ్యాప్ లెక్క. ఆ షేరు నాలుగైదేళ్ల రోజువారీ ధరలను పాత తేదీ ముందు వచ్చేలా షీట్‌లో పెట్టి, ప్రారంభ ధర B వరుసలో, ముగింపు ధర E వరుసలో ఉంటే, మూడో అడ్డువరుసలో ఇది రాసి కిందికి లాగుతాను:

```
=(B3-E2)/E2
```

వచ్చిన వాటిలో అన్నిటికంటే పెద్ద పతనాన్ని తీసుకుని, దానికి కొంత కలుపుతాను. రేపటి గ్యాప్ పాత వాటికి లోబడి ఉండాలని ఏమీ లేదు. బోనస్, విభజన జరిగిన రోజుల్లో సవరించని ధరలు లేని గ్యాప్‌ను చూపిస్తాయి, వాటిని తీసేయండి. నా షేరుకు 12 శాతం వచ్చిందనుకుంటే 15గా పట్టుకుంటాను. 500 మీద అది 75 రూపాయలు. గ్యాప్ వస్తే 2 శాతం, అంటే 8,000 వరకు భరించగలను. 8,000ను 75తో భాగిస్తే 106 షేర్లు. ఆ ఉదయం నా దగ్గర 106 ఉండి 430కి అమ్ముడై ఉంటే పోయేది 7,420.

ఫలితాల తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి ఆ రాత్రికి ఇందులోనూ సగమే ఉంచుతాను. ఒక రోజులో ధరను 5 శాతానికి మించి కదలనివ్వని సర్క్యూట్ ఉన్న చిన్న షేర్లకు ఈ లెక్క కూడా చాలదు. కొనేవాళ్లు లేక వరుసగా మూడు రోజులు కింది సర్క్యూట్ తగిలితే 500 షేరు 429 దాకా వస్తుంది, మధ్యలో బయటపడే దారి ఉండకపోవచ్చు. అలాంటి వాటికి 25 శాతం పట్టుకుంటాను.

ఇంకొకటి: అన్నీ ఒకే ఉదయం పడవచ్చు. 2025 ఏప్రిల్ 7న నిఫ్టీయే సుమారు 5 శాతం కింద తెరుచుకుంది. అందుకే రోజూ 3:15కి నా దగ్గరున్న మొత్తం షేర్ల విలువలో 10 శాతం ఎంతో చూసుకుంటాను. ఆ మొత్తం పోతే ఇంటి ఖర్చుకు ఇబ్బంది అనిపిస్తే, మార్కెట్ మూసేలోపే కొన్ని అమ్మేస్తాను.