99 శాతం పరావర్తనం చేసే రెండు అద్దాల గుండా కాంతి మొత్తం ఎలా దాటుతుంది?

ప్రశ్న: "ఫాబ్రీ-పెరో కేవిటీలో రెండు అద్దాలూ 99 శాతం పరావర్తనం చేసేవే అయితే, మొదటిదాన్ని దాటేది 1 శాతం, అందులో రెండోదాన్ని దాటేది మళ్లీ 1 శాతం, అంటే 0.01 శాతమే బయటికి రావాలి. గ్రాఫుల్లో శిఖరాలు 100 శాతం దాకా ఎందుకు వెళ్తాయి? ఫ్రీ స్పెక్ట్రల్ రేంజ్, ఫినెస్ అనేవి ప్రయోగంలో దేన్ని చెబుతాయి?"

జవాబు:

మీ గుణకారంలో తప్పు లేదు, కానీ లెక్క రెండు చోట్ల తొందరగా ఆగిపోయింది. రెండో అద్దం దగ్గర వెనక్కి తిరిగిన 99 శాతం ఎక్కడికీ పోదు. అది మొదటి అద్దాన్ని తాకి మళ్లీ రెండో అద్దం వైపు వస్తుంది, ప్రతి రాకలోనూ కొంచెం బయటికి జారుతుంది. ఈ వాయిదాల తీవ్రతలను మాత్రమే కూడితే వచ్చే గుణశ్రేణి మొత్తం 0.01 శాతం కాదు, దాదాపు 0.5 శాతం. గ్రాఫులోని ఎన్నో శిఖరాలను ఒకేసారి కప్పేంత విస్తృతమైన వర్ణపటం గల తెల్లని కాంతిని పంపితే నిజంగా బయటికి వచ్చే వాటా కూడా ఇంతే. ఈ 0.5 శాతాన్ని గుర్తుపెట్టుకోండి, కొద్దిసేపట్లో దీనితో పని ఉంది.

రెండో లోపం ఇంకా ముఖ్యమైనది. ఒకే పౌనఃపున్యం గల లేజరు కాంతి విషయంలో కూడవలసినవి తీవ్రతలు కావు, కంపన పరిమితులు. తీవ్రతలో 1 శాతాన్ని దాటనిచ్చే అద్దం కంపన పరిమితిలో పదో వంతును, అంటే 0.1ను, దాటనిస్తుంది. లోపలికి చేరిన ఆ 0.1 ఒకసారి వెళ్లి వచ్చేసరికి రెండు పరావర్తనాల వల్ల 0.99 రెట్లు అవుతుంది. ఈ రాకపోకల దూరం తరంగదైర్ఘ్యానికి సరిగ్గా పూర్ణాంక గుణిజమైతే, తిరిగి వచ్చిన తరంగమూ కొత్తగా లోపలికి వస్తున్న తరంగమూ ఒకే దశలో కలుస్తాయి. అప్పుడు శ్రేణి మొత్తం 0.1 / (1 − 0.99), అంటే 10. లోపల రెండో అద్దం వైపు ప్రయాణిస్తున్న తరంగపు కంపన పరిమితి బయటి తరంగానికి 10 రెట్లు, తీవ్రత 100 రెట్లు అన్నమాట. ఆ వంద రెట్లలో 1 శాతాన్ని రెండో అద్దం బయటికి వదిలితే, అది మీరు పంపిన కాంతికి సరిసమానం.

మొదటి అద్దం మీద పడగానే వెనక్కి వెళ్లిన 99 శాతం ఏమైందని మీరు అడగవచ్చు. లోపల పేరుకున్న కాంతి మొదటి అద్దం గుండా కూడా వెనక్కి కారుతుంది. ఆ కారే తరంగం నేరుగా పరావర్తనమైన తరంగానికి సరిగ్గా వ్యతిరేక దశలో, సమాన పరిమాణంలో ఉండి దాన్ని రద్దు చేస్తుంది. కాబట్టి అద్దం కాంతిని వెనక్కి పంపడం మానేసిందనే కన్నా, వెనక్కి వెళ్లవలసిన రెండు తరంగాలు ఒకదానినొకటి చెరిపివేశాయనడం సరైనది. లేజరును అప్పుడే వెలిగించినప్పుడు ఈ రద్దు వెంటనే జరగదు. లోపల కాంతి పూర్తిగా పేరుకోవడానికి కొన్ని వందల రాకపోకలు పడతాయి, అంతవరకు వెనుకకు కాంతి వస్తూనే ఉంటుంది.

దశ పూర్తిగా తప్పిన చోట దీనికి వ్యతిరేకం జరుగుతుంది. శ్రేణి 0.1 / 1.99 అవుతుంది, బయటికి వచ్చేది 0.0025 శాతం మాత్రమే. అంటే లోయల్లో వచ్చే కాంతి మీరు వేసిన 0.01 శాతంలో నాలుగో వంతు. ఇక ఒక శిఖరం నుంచి తర్వాతి శిఖరం దాకా ప్రసారాన్ని సగటు తీస్తే వచ్చేది, పైన చెప్పిన అదే 0.5 శాతం. వ్యతికరణం కాంతిని పుట్టించలేదు. అంతటా పలుచగా పరుచుకుని ఉండవలసిన 0.5 శాతాన్ని సన్నని శిఖరాలుగా కుప్పపోసింది. నా దృష్టిలో మీ ప్రశ్నకు అసలు జవాబు ఇదే. దీన్ని సూత్రంగా రాస్తే ఇలా ఉంటుంది:

```
T = 1 / (1 + F sin²(δ/2))
F = 4R / (1 − R)²
ఫినెస్ = π√R / (1 − R)
FSR = c / 2L
```

ఇక్కడ T బయటికి వచ్చే కాంతి వాటా, δ ఒక రాకపోకలో వచ్చే దశ మార్పు, R తీవ్రత పరంగా పరావర్తన గుణకం, FSR ఫ్రీ స్పెక్ట్రల్ రేంజ్, c కాంతి వేగం, L అద్దాల మధ్య దూరం. కొన్ని పుస్తకాలు F అక్షరాన్ని ఫినెస్‌కే వాడతాయి కనుక చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. మీ అద్దాలకు పై F విలువ 39,600, ఫినెస్ మాత్రం దాదాపు 313.

ఇక ఫ్రీ స్పెక్ట్రల్ రేంజ్ సంగతి. అద్దాల మధ్య 5 సెంటీమీటర్ల గాలి ఉందనుకుందాం. 632.8 నానోమీటర్ల హీలియం-నియాన్ లేజరుకు ఆ దూరంలో దాదాపు 1,58,000 అర్ధ తరంగాలు పడతాయి. పౌనఃపున్యాన్ని కొద్దిగా పెంచితే మరో అర్ధ తరంగం అదనంగా పట్టే స్థితి వస్తుంది, అక్కడ మళ్లీ శిఖరం కనిపిస్తుంది. ఆ రెండు శిఖరాల నడుమ ఎడమే ఫ్రీ స్పెక్ట్రల్ రేంజ్. 5 సెంటీమీటర్లకు అది 3 గిగాహెర్ట్జ్. ఇది అద్దాల నాణ్యతతో సంబంధం లేనిది, దూరం ఒక్కటే దాన్ని నిర్ణయిస్తుంది (గాజు దిమ్మ అయితే దాని వక్రీభవన గుణకంతో కూడా భాగించాలి).

దీని అవసరం ప్రయోగశాలలో వెంటనే తెలిసివస్తుంది. 30 సెంటీమీటర్ల హీలియం-నియాన్ గొట్టంలో లేజరు మోడ్‌ల, అంటే అది ఒకేసారి వెలువరించే వేర్వేరు పౌనఃపున్యాల, ఎడం 500 మెగాహెర్ట్జ్, అవి ఉండగల పరిధి దాదాపు 1.5 గిగాహెర్ట్జ్. 3 గిగాహెర్ట్జ్ కేవిటీతో చూస్తే ఆ మోడ్‌లన్నీ ఒక గుంపుగా, తర్వాత ఖాళీగా, మళ్లీ అదే గుంపుగా కనిపిస్తాయి కాబట్టి ఏది ఏదో తికమక ఉండదు. అదే 15 సెంటీమీటర్ల కేవిటీ అయితే ఎడం 1 గిగాహెర్ట్జ్‌కు తగ్గిపోయి, ఒక గుంపులోని చివరి మోడ్ పక్క గుంపులోని మొదటి మోడ్ మీద పడుతుంది. అప్పుడు తెర మీద ఉన్నవి రెండు మోడ్‌లా మూడా అన్నది చూసి చెప్పలేము. అనుమానం వచ్చినప్పుడు నేను చేసే పని L ను కొన్ని మిల్లీమీటర్లు మార్చి, గుంపులోని ఎడాలు స్థిరంగా ఉన్నాయో లేదో చూడటం.

ఫినెస్ అంటే శిఖరాల ఎడాన్ని శిఖరపు సగం ఎత్తు దగ్గరి వెడల్పుతో భాగించగా వచ్చే సంఖ్య. ఇది రెండు దూరాల నిష్పత్తి కనుక కొలవడానికి పౌనఃపున్యం ఎంతో తెలియనక్కరలేదు. ఒక అద్దాన్ని, వోల్టేజి ఇస్తే కొద్దిగా సాగే పియెజో మీద ఉంచి వోల్టేజిని ఏకరీతిగా పెంచితే, అద్దం ప్రతి 316 నానోమీటర్లు కదిలినప్పుడల్లా ఒక శిఖరం వస్తుంది. ఆసిలోస్కోప్ తెర మీద శిఖరాల మధ్య 8 మిల్లీసెకన్లు ఉంటే, 313 ఫినెస్‌కు వెడల్పు 26 మైక్రోసెకన్లు మాత్రమే ఉండాలి. ఇక్కడే చాలామంది మోసపోతారు. 20 మిల్లీసెకన్ల తెరకు 2,500 బిందువులిచ్చే స్కోప్‌లో ఆ శిఖరం మీద పడేవి మూడు బిందువులు. వాటిని బట్టి చదివిన వెడల్పుకు విలువ లేదు. ఎడాన్ని ఒక అమరికలో, వెడల్పును కాలపు స్కేలును బాగా విస్తరించి మరో అమరికలో కొలవాలి. పియెజో కదలిక పూర్తిగా సరళంగా ఉండదు కాబట్టి, కొలిచే శిఖరానికి ఇరుపక్కలా ఉన్న ఎడాల సగటును తీసుకోవడం మేలు.

నేను పనిచేసిన సమతల అద్దాల అమరికల్లో వెడల్పు 26 కాక 40 మైక్రోసెకన్లు, అంతకన్నా ఎక్కువ రావడమే మామూలు. 40 అంటే ఫినెస్ 200. అద్దం పూత చెడిందని అనుకునే ముందు సమాంతరతను చూడాలి. శిఖరపు వెడల్పును దూరంగా మారిస్తే 316 నానోమీటర్లలో 313వ వంతు, అంటే సుమారు 1 నానోమీటరు. లేజరు పుంజం వెడల్పు 1 మిల్లీమీటరు అయితే, దాని ఒక అంచు నుంచి మరో అంచుకు అద్దాల మధ్య దూరంలో 1 నానోమీటరు తేడా ఉన్నా పుంజంలోని వేర్వేరు భాగాలు వేర్వేరు చోట్ల శిఖరాన్ని చేరుకుంటాయి, కలిపి చూస్తే శిఖరం వెడల్పవుతుంది. ఆ తేడాను కోణంగా చెబితే ఒక మైక్రోరేడియన్. మామూలు మరను చేత్తో తిప్పి అక్కడికి చేరడం కష్టమే. మొదట కేవిటీ వెనుక తెల్ల కాగితం పెడితే, వరుసగా మసకబారుతూ పోయే చుక్కల తోక కనిపిస్తుంది. మరలు సవరిస్తూ ఆ చుక్కలన్నీ ఒకే చుక్కగా కలిసేలా చేయాలి. ఆ తర్వాత కంటితో తేలదు. స్కోప్‌లో శిఖరపు ఆకారాన్ని చూస్తూ సరిచేయాలి. వంపు ఇంకా మిగిలి ఉంటే శిఖరానికి ఒక పక్క మాత్రమే తోక సాగుతుంది, పరావర్తన గుణకం తక్కువగా ఉంటే రెండు పక్కలా సమంగా వెడల్పవుతుంది. ఈ ఇబ్బంది వల్లనే ఎక్కువ ఫినెస్ కావలసిన చోట పుటాకార అద్దాలను వాడతారు.

ఆ 1 నానోమీటరు ఉష్ణోగ్రత విషయంలోనూ ఎదురవుతుంది. అద్దాలను పట్టి ఉంచే 5 సెంటీమీటర్ల గొట్టం అల్యూమినియం అయితే, ఒక డిగ్రీ సెల్సియస్‌కు అది 1.15 మైక్రోమీటర్లు పెరుగుతుంది, అంటే మూడున్నరకు పైగా శిఖరాలు జరిగిపోతాయి. డిగ్రీలో వెయ్యో వంతు మార్పే ఒక శిఖరం వెడల్పంత జరుపుతుంది. గొట్టం మీద అరచేయి ఆనిస్తే స్కోప్ మీద శిఖరాలు ఒక పక్కకు నడుచుకుంటూ పోవడం చూడవచ్చు. వేడికి చాలా తక్కువగా పెరిగే ఇన్వార్ అనే మిశ్రమలోహపు గొట్టంతో ఈ జరుగుబాటు దాదాపు ఇరవయ్యో వంతుకు తగ్గుతుంది.

చివరగా, మీ గ్రాఫులోని 100 శాతం ఒక షరతుకు లోబడినది. అద్దం పరావర్తనం చేయని 1 శాతమంతా దాటిపోవాలి. అందులో 0.1 శాతం పూతలో శోషణగానో చెదిరిపోయే కాంతిగానో పోతే, దాటేది 0.9 శాతమే కాబట్టి శిఖరం 0.9 వర్గానికి, అంటే 81 శాతానికి దిగుతుంది. సగానికి సగం పోతే 25 శాతమే మిగులుతుంది. రెండు సందర్భాల్లోనూ R మారలేదు కనుక ఫినెస్ 313గానే ఉంటుంది. అందువల్ల కొన్న అద్దాలకు ఫినెస్ ఒక్కటే కొలిచి తృప్తి పడకుండా, శిఖరం దగ్గర బయటికి వచ్చే కాంతిని లోపలికి పంపిన కాంతితో పోల్చి చూడండి. వెడల్పు సరిగ్గా ఉండి ఎత్తు మాత్రం తక్కువగా ఉంటే, సమాంతరత కోసం మరలు తిప్పుతూ కూర్చోవద్దు. పూతలోని నష్టాన్ని, పుంజం కేవిటీకి సరిగ్గా కుదిరిందా లేదా అన్నదాన్ని పరిశీలించండి.