మోకాలి గుజ్జుకు పడిన గుంత: రంధ్రాలు కొట్టాలా, ముక్క నాటాలా?

ప్రశ్న: సార్, నాకు 27 ఏండ్లు. ఉండేది హన్మకొండ. ఎనిమిది నెలల కింద కబడ్డీ ఆడుతుంటే కుడి మోకాలు మెలికపడ్డది. అప్పటినుంచి నడిస్తే లోపలి పక్క నొప్పి, ఆడిన రోజు సాయంత్రానికి వాపు. ఎంఆర్ఐల తొడ ఎముక చివర లోపలి వైపు గుజ్జు 14×12 మిల్లీమీటర్లు ఎముక దాకా ఊడిందని రాసిన్రు. లిగమెంట్లు, మెనిస్కస్ బాగున్నయట. ఒక డాక్టర్ ఎముకకు రంధ్రాలు కొడితే సరిపోతదన్నరు. ఇంకో డాక్టర్ వేరే చోటి ముక్క తెచ్చి పెట్టాలన్నరు. ఆపరేషన్ లేకుండ మానదా? రెండిట్ల ఏది నయం?
– ఓ పాఠకుడు, హన్మకొండ

జవాబు: దానంతట అది మానదు. మీ వయసుకు, మీ ఆటకు ముక్క నాటడం వైపే నేను మొగ్గుతాను. అయితే రెండు విషయాలు తేలాకే ఆ మాట ఖాయం చేయాలి. గుంత అసలు కొలత ఎంత అన్నది ఒకటి, మీ కాలు నిటారుగా ఉందా అన్నది రెండోది.

‘గుజ్జు’ అనే మాట వినగానే తాటి ముంజెలాంటి మెత్తటి పదార్థం అనుకుంటారు. నిజానికి గుజ్జు అంటే మృదులాస్థి, అది గట్టిగా, తెల్లగా, జారుడుగా ఉంటుంది. మోకాల్లో దాని మందం చాలా చోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్లే. బరువులో దాదాపు మూడు వంతులు నీరు. ఆ నీటిని పట్టి ఉంచేవి ప్రోటియోగ్లైకాన్లు, వాటిని కట్టి ఉంచేది కొల్లాజెన్ పోగుల అల్లిక. అల్లిక అన్ని పొరల్లోనూ ఒకేలా ఉండదు. పైపొరలో పోగులు కొత్తవాడ జంపఖానాలోలా ఒత్తుగా, అడ్డంగా పరుచుకుని ఉంటాయి. కీలు కదిలినప్పుడు పుట్టే రాపిడిని తట్టుకునేది ఇదే. నడిమి పొరలో పోగులు ఏటవాలుగా తిరుగుతాయి. లోతు పొరలో నిట్టనిలువుగా నిలబడి, పైనుంచి పడే బరువును మోస్తాయి. వీటన్నిటి కింద సున్నం పట్టిన పలుచని పొర ఒకటి ఉండి, గుజ్జును ఎముకకు అతికించి ఉంచుతుంది. ఈ చివరి పొరను గుర్తుపెట్టుకోండి, ఆపరేషన్ ఫలితం చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది.

చర్మం తెగితే రక్తం వచ్చి గడ్డకడుతుంది. ఆ గడ్డలోకి కణాలు చేరి గాయాన్ని పూడుస్తాయి. గుజ్జులో రక్తనాళాలే లేవు, కాబట్టి గడ్డా లేదు, బయటినుంచి వచ్చే కణాలూ లేవు. లోపల ఉన్న కణాలు మొత్తం పరిమాణంలో ఐదు శాతానికి మించవు. అవి కూడా గోడలో పొదిగిన రాళ్లలా ఎక్కడివక్కడ ఇరుక్కుని ఉంటాయి, గాయం దగ్గరికి నడిచి రాలేవు. గుజ్జులో నరాలు కూడా లేవు. మీకు తెలుస్తున్న నొప్పి కింద బయటపడ్డ ఎముకది, వాచిన కీలుపొరది. ‘గుజ్జు పెరిగే’ మాత్రలు ఈ గుంతను పూడ్చలేవు.

మీ గాయం ఎముక దాకా పోయిందన్నారు కదా, మరి ఎముకలోంచి రక్తం ఎందుకు రాలేదు? ఇలాంటి గాయాల్లో తరచుగా ఆ సున్నపు పొర, దాని కింది గట్టి ఎముక పలక మూతలా మిగిలిపోతాయి. రంధ్రాలు కొట్టే పద్ధతి, అంటే మైక్రోఫ్రాక్చర్, ఈ మూతను దాటడానికే. కీహోల్ ద్వారా ముందు వదులైన గుజ్జంతా తీసేసి, గుంత అంచులను నిట్టనిలువు గోడల్లా కోస్తారు. అంచు వాలుగా ఉంటే గడ్డ నిలవదు. తర్వాత సున్నపు పొరను గీకి తీసి, 3–4 మిల్లీమీటర్ల ఎడంతో, 2–4 మిల్లీమీటర్ల లోతున రంధ్రాలు వేస్తారు. లోపలికి పంపే నీటి ఒత్తిడి తగ్గించగానే ప్రతి రంధ్రంలోంచి రక్తం, మూలుగ కొవ్వు బొట్లు కనబడాలి. అలా కనబడకపోతే లోతు చాలలేదని అర్థం.

ఇందులో పొరపాట్లు ఎక్కువగా ఆ గీకే దగ్గరే జరుగుతాయి. సున్నపు పొర మిగిలితే గడ్డ అతుక్కోదు. మరీ లోతుగా గీకితే కింది ఎముక పైకి పెరిగి, దాని మీద వచ్చే కణజాలం పలుచబడుతుంది. రంధ్రాలు మరీ దగ్గరైతే ఒకదానిలోకి ఒకటి కలిసి ఎముక పలక కూలుతుంది. అంతా సవ్యంగా జరిగినా పుట్టేది అసలు గుజ్జు కాదు, పీచు గుజ్జు. నేను చెప్పిన పొరల అమరిక అందులో ఉండదు. మొదటి రెండేళ్లు బాగుండి, ఆ తర్వాత కొందరిలో నొప్పి తిరిగి రావడానికి కారణం ఇదే. మెలికలు తిరిగే కబడ్డీలాంటి ఆటకు ఇది మరీ ఇబ్బంది. లిథువేనియాలో యువ క్రీడాకారుల మీద ఈ రెండు పద్ధతులను పోల్చి చూస్తే, ముక్క నాటినవారే మెరుగ్గా నిలిచారు.

ఇక కొలత సంగతి. 14×12 అంటే సుమారు 1.7 చదరపు సెంటీమీటర్లు. కానీ ఎంఆర్ఐ గుంతను చిన్నదిగా చూపడం మామూలే. వదులైన అంచులు కోసేశాక అది 16×14 అయిందనుకోండి, అప్పుడు 2.2 అవుతుంది. రంధ్రాల పద్ధతి 2 లోపు గుంతలకే నమ్మకంగా పనిచేస్తుంది. ముక్కలు నాటే మొజాయిక్‌ప్లాస్టీ 1 నుంచి 4 దాకా పనికొస్తుంది. మీరు సరిగ్గా గీత మీద ఉన్నారు. అందుకే ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారు, ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు.

మొజాయిక్‌ప్లాస్టీలో మీ మోకాల్లోనే బరువు తక్కువ పడే అంచు నుంచి, గుజ్జు, ఎముక కలిసిన స్తంభాలను తీస్తారు. మీ కొలతకు 6–8 మిల్లీమీటర్ల వెడల్పు, 15 మిల్లీమీటర్ల పొడవున్నవి మూడు నాలుగు కావాలి. వాటిని గుంతలో నిలువుగా, చుట్టూ ఉన్న గుజ్జుతో సమానంగా దించాలి. పైకి పొడుచుకు వస్తే ప్రతి అడుగు బరువూ దాని మీదే పడుతుంది. అలా పైకి ఉండటం కంటే వెంట్రుకవాసి కిందికి ఉండటమే నయం. ముక్కల ఎముక భాగం కొన్ని వారాల్లో అతుక్కుంటుంది. గుజ్జు అంచులు మాత్రం పక్కదానితో అతకవు, సందుల్లో పీచు గుజ్జే నిండుతుంది. ముక్క తీసిన చోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు, ముఖ్యంగా మెట్లు ఎక్కేటప్పుడు.

కణాలను ల్యాబ్‌లో పెంచి పెట్టే పద్ధతి 1994లో స్వీడన్ వైద్యులు ప్రకటించినది. పెద్ద గుంతలకు అది మంచిదే, కానీ రెండు ఆపరేషన్లు, మధ్యలో వారాల ఎదురుచూపు, భారీ ఖర్చు. మీ గుంతకు మొదటే అంత అవసరం లేదు.

ఆపరేషన్‌కు ముందు నిలబెట్టి, తుంటి నుంచి చీలమండ దాకా ఒకే ఎక్స్‌రే తీయించండి. మీవి దొడ్డికాళ్లయితే బరువంతా మోకాలి లోపలి వైపే పడుతుంది, సరిగ్గా మీ గుంత ఉన్నచోట. ఆ వంకర సరిచేయకుండా ఏ ముక్క పెట్టినా అరిగిపోతుంది. అలాగే సర్జన్‌తో ముందే మాట్లాడుకొని, సమ్మతి పత్రంలో రెండు పద్ధతులూ రాయించుకోండి. లోపల కొలిచాక 2 లోపే ఉండి, గోడలు గట్టిగా ఉంటే రంధ్రాలు, దాటితే ముక్కలు అని అక్కడికక్కడ నిర్ణయించే వీలుంటుంది.

ఏది చేసినా దాదాపు ఆరు వారాలు చంకకర్రలే, ఆ కాలి మీద బరువు వేయకూడదు. మోకాలు మాత్రం ఫిజియోథెరపిస్ట్ చెప్పినట్టు రోజూ ఆడించాలి. గొంతుక్కూర్చోవడం అప్పుడే వద్దు, ఇంట్లో కమోడ్ ఏర్పాటు చేసుకోండి. కబడ్డీ మాట ముక్కలు నాటితే ఆరు నెలలు దాటాక, రంధ్రాలైతే ఇంకా ఆలస్యంగా. ఈలోగా మోకాలు మధ్యలో బిగుసుకుపోయి చాపలేకపోతే ఊడిన ముక్క కీలులో తిరుగుతోందని అనుమానించాలి. అప్పుడు ఆపరేషన్ తేదీ కోసం ఆగకుండా వెంటనే సర్జన్ దగ్గరికి వెళ్లండి.