జ్వరంగా ఉంటే బిడ్డకు నా పాలు పట్టొచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. తొలి కాన్పు. బాబు పుట్టి 12 రోజులైంది. నాలుగో రోజు నుంచి రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డాయి. బాబు నోరు పెట్టిన ప్రతిసారీ ప్రాణం పోతోంది. చనుమొనలు పగిలాయి. నిన్న సాయంత్రం చలిజ్వరం వచ్చింది, 102 ఉంది. కుడి రొమ్ము బయటివైపు ఎర్రగా కందిపోయి ముట్టుకోనివ్వడం లేదు. జ్వరం పాలు బిడ్డకు పట్టొద్దు, పిండి పారబొయ్యమని అత్తయ్య అంటున్నారు. వేడి కాపడం పెట్టి గట్టిగా రుద్దుతున్నాం. పక్కింటావిడ మల్లెపూలు కట్టుకోమంటున్నారు. పాలు మానేయాలా?

జవాబు: మానొద్దమ్మా. కుడివైపు కూడా పట్టండి. మీ జ్వరం పాల ద్వారా బాబుకు రాదు. ఇప్పుడు ఉన్నట్టుండి మానేస్తే పాలు లోపలే నిలిచిపోయి వాపు పెరుగుతుంది, చీము పట్టే ప్రమాదమూ ఉంది.

మీరు చెప్పిన లక్షణాలు మాస్టైటిస్‌వి, అంటే రొమ్ములో వాపు, ఇన్ఫెక్షన్. చనుమొన పగిలి, చలితో 102 జ్వరం ఉంది కాబట్టి రేపటి దాకా ఆగకుండా ఈరోజే గైనకాలజిస్టుకు చూపించుకోండి. సాధారణంగా 10 నుంచి 14 రోజులకు యాంటీబయాటిక్ రాస్తారు. పాలిచ్చే తల్లులకు సరిపడేవి ఉన్నాయి. పెన్సిలిన్ పడకపోతే ముందే చెప్పండి. రెండు రోజుల్లో హాయిగా అనిపించినా కోర్సు మధ్యలో ఆపొద్దు. జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు.

రుద్దడం మాత్రం ఇప్పుడే ఆపండి. వాచిన చోట గట్టిగా రుద్దితే లోపలి కణజాలం నలిగి వాపు ఎక్కువవుతుంది. వేడి కాపడం బదులు, పాలు పట్టాక పల్చటి గుడ్డలో ఐసు చుట్టి పది నిమిషాలు పెట్టండి. రొమ్ము పూర్తిగా ఖాళీ అవ్వాలని పంపుతో అదేపనిగా తీయొద్దు. ఎంత తీస్తే అంత ఊరుతాయి. మల్లెపూలు కట్టడం పాలు తగ్గించడానికి మన పెద్దవాళ్లు వాడే పద్ధతి. మీ బాబుకు పాలు కావాలి కాబట్టి ఇప్పుడు అది వద్దు.

అసలు సమస్య జ్వరం కంటే ముందే మొదలైంది. బాబు రొమ్మును సరిగా పట్టుకోవడం లేదు. నాలుగో రోజు పాలు ఒక్కసారిగా దిగి, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం బిగుసుకుపోయి ఉంటుంది. అది నోట్లోకి రాక చనుమొన ఒక్కటే నమిలాడు. పగుళ్లు అలా పడ్డాయి, పాలు సరిగా బయటికి రాక వాపు అలా వచ్చింది. మందు ఈ జ్వరాన్ని తగ్గిస్తుంది గానీ పట్టు సరిచేయకపోతే మళ్లీ రావచ్చు.

అందుకే డాక్టరును చూశాక, అక్కడే పాలివ్వడం నేర్పించే నర్సు దగ్గర కూర్చుని ఒకసారి బాబుకు పట్టండి. అనుభవం ఉన్న నర్సు ముందు చెయ్యి వెయ్యదు, చూస్తుంది. బాబు వదిలాక చనుమొన ఒకవైపు నొక్కుకుపోయి, కొనమీద తెల్లటి గీత ఉంటే పట్టు లోతుగా లేదని ఆమెకు అర్థమవుతుంది. అప్పుడు రెండు చేతుల వేళ్ల కొసలతో చనుమొన చుట్టూ నల్లటి భాగాన్ని ఒక నిమిషం నెమ్మదిగా లోపలికి నొక్కి ఉంచమంటుంది. అక్కడి వాపు వెనక్కి జరిగి ఆ భాగం మెత్తబడుతుంది. ఇంకా బిగువుగా ఉంటే చేత్తో కొన్ని చుక్కలు పిండమంటుంది.

తర్వాత బాబును మీ పొట్టకు పొట్ట ఆనేలా, చెవి, భుజం, తుంటి ఒకే వరుసలో ఉండేలా తిప్పుతుంది. చనుమొన వాడి ముక్కుకు ఎదురుగా ఉండాలి. పైపెదవిని తాకించి, ఆవలించినట్టు నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి, అప్పుడు బాబును రొమ్ము దగ్గరికి తేవాలి. మీరు బాబు మీదికి వంగకూడదు. గడ్డం ముందు ఆనాలి. తల వెనక చెయ్యి వేసి నొక్కితే పిల్లలు ఎదురు తిరిగి వెనక్కి విరుచుకుంటారు. మెడ, భుజాల దగ్గర పట్టుకోండి.

పట్టు కుదిరితే కింది పెదవి బయటికి తిరిగి ఉంటుంది. నల్లటి భాగం పైన ఎక్కువగా, కింద తక్కువగా కనిపిస్తుంది. మొదట గబగబా చీకి, పాలు చేపాక నెమ్మదిగా, లోతుగా లాగుతూ మింగుతాడు. ఆ గుటక మీకు వినిపిస్తుంది. మొదటి కొన్ని క్షణాల తర్వాత కూడా నొప్పి ఉంటే చిటికెన వేలు నోటి మూలలో పెట్టి వదిలించి, మళ్లీ మొదలుపెట్టండి. కుడివైపు నొప్పి భరించలేకపోతే ఎడమవైపుతో మొదలుపెట్టండి. అసలు పట్టనివ్వలేని పూట చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో తాగించండి, పారబోయొద్దు. అత్తయ్యను కూడా వెంట తీసుకెళ్లండి. నర్సు నోటి నుంచి వింటే ఇంట్లో ఈ గొడవ ఉండదు.

బాబు రోజుకు ఆరుసార్లైనా మూత్రం పోస్తున్నాడా చూసుకోండి. రెండు వారాలు నిండేసరికి పుట్టినప్పటి బరువుకు చేరాడో లేదో తూయించండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టి 48 గంటలైనా జ్వరం తగ్గకపోయినా, గట్టి గడ్డ తగిలి అలాగే ఉన్నా మళ్లీ వెళ్లండి. చీము ఉందేమో అల్ట్రాసౌండ్‌తో చూస్తారు. చాలాసార్లు సూదితోనే చీము తీసేస్తారు, ఆ సమయంలోనూ బాబుకు పాలు ఇస్తూనే ఉండొచ్చు.