రెండూ బంగారమే, రిస్కు మాత్రం ఒకటి కాదు

ప్రశ్న: ఎమ్మెస్సీ జియాలజీ పూర్తిచేశాను. మైనింగ్ షేర్ల విశ్లేషకురాలిగా స్థిరపడాలని ఉంది. చిన్న అన్వేషణ కంపెనీలైనా, పెద్ద ఉత్పత్తి కంపెనీలైనా అంతా బంగారమే కదా సార్, రిస్కులు విడివిడిగా నేర్చుకోవాలా?

జవాబు: తప్పకుండా నేర్చుకోవాలమ్మా. బంగారం ధర పెరుగుతున్న ఏడాదిలోనే చిన్న అన్వేషణ కంపెనీ, అంటే జూనియర్ షేరు సగానికి పడిపోవడం ఈ రంగంలో మామూలే.

పెద్ద కంపెనీ దగ్గర మొదట చూడాల్సింది మిగులు. ఔన్సు ధర 2,000 డాలర్లు, గని నడపడానికి అయ్యే మొత్తం ఖర్చు 1,400 అనుకోండి. 600 మిగులుతుంది. ధర పది శాతం తగ్గి 1,800 అయితే మిగులు 400కు, అంటే మూడో వంతు పడిపోతుంది. ధర పెరిగితే లాభమూ ఇలాగే ఎగబాకుతుంది. ప్రభుత్వంతో గొడవ వచ్చి ఒక గని ఆగినా మిగతావి ఆదుకుంటాయి. 2025 జనవరిలో పశ్చిమాఫ్రికా దేశం మాలిలోని లులో-గుంకోటో గనిలో బారిక్ అనే పెద్ద కంపెనీ పని ఆపాల్సి వచ్చింది. దెబ్బ పెద్దదే, కానీ వేరే దేశాల్లోని దాని గనులు నడుస్తూనే ఉన్నాయి.

జూనియర్‌కు అమ్మడానికి బంగారమే ఉండదు. డ్రిల్లింగ్ డబ్బు కోసం కొత్త షేర్లు అమ్ముతుంది. చాలామంది పట్టించుకోని రిస్కు ఇదే. ఒక ఊహా కంపెనీకి 10 కోట్ల షేర్లున్నాయి, అందులో మీవి 10 లక్షలు, అంటే ఒక శాతం. ఒక విడత డ్రిల్లింగ్‌కు 30 లక్షల డాలర్లు కావాలి. షేరు 20 సెంట్లు ఉన్నప్పుడు ఒకటిన్నర కోట్ల కొత్త షేర్లతో సరిపోతుంది. ఫలితాలు బాగాలేక షేరు 10 సెంట్లకు దిగితే రెండో విడతకు 3 కోట్లు కావాలి, 5 సెంట్లకు దిగితే మూడో విడతకు 6 కోట్లు. మొత్తం 20.5 కోట్లవుతాయి. మీ ఒక శాతం కాస్తా అర శాతం కన్నా తక్కువకు వచ్చింది, బంగారం ధర కదలకపోయినా సరే. అందుకే చేతిలో ఎంత నగదుంది, నెలకు ఎంత ఖర్చవుతోంది అన్నవి ముందు చూడండి.

ఇక మీ చదువు అక్కరకొచ్చే చోటు డ్రిల్లింగ్‌లో కడ్డీలా బయటకు తీసే రాయి, అంటే కోర్ నమూనాలు. మామూలుగా కోర్‌ను నిలువునా చీల్చి సగం ల్యాబుకు పంపుతారు, సగం దాచుతారు, అనుమానమొస్తే మళ్లీ పరీక్షించడానికి. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో బ్రి-ఎక్స్ కంపెనీ కోర్ మొత్తాన్నీ పొడి చేయించేది. ఆ పొడిలో బయటి బంగారం కలిపారని 1997లో తేలింది. బ్రి-ఎక్స్ బోర్ల పక్కనే ఫ్రీపోర్ట్ అనే మైనింగ్ కంపెనీ వేసిన బోర్లలో చెప్పుకోదగ్గ బంగారమే దొరకలేదు. వందల కోట్ల డాలర్ల విలువున్న కంపెనీ షేరు చిత్తుకాగితమైంది.

కోర్ చదవడం మీకు వచ్చు కాబట్టి జూనియర్లతో మొదలుపెట్టండి. నగదు ప్రవాహ పట్టిక చదవడం మాత్రం ఈ ఏడాదిలోనే నేర్చుకోండి, ఇంటర్వ్యూలో జియాలజీ వాళ్లు తడబడేది అక్కడే.