లేని తీర్పు ఎక్కడి నుంచి వచ్చింది?

"ఏఐ చెప్పిన హైకోర్టు తీర్పు ఎంత వెతికినా దొరకడం లేదండీ. నంబరు, తేదీ అన్నీ ఇచ్చింది. ఎక్కడి నుంచి తెచ్చింది?"

ఎక్కడి నుంచీ తేలేదండీ, అప్పటికప్పుడు అల్లింది. దీన్నే హాలూసినేషన్ అంటారు. ఈ మోడల్ తనంతట తాను తీర్పుల జాబితా తెరిచి చూడదు. ముందున్న పదాలను బట్టి తర్వాత ఏది రావడానికి అవకాశం ఎక్కువో లెక్కగట్టి, ఒక్కో ముక్కే పేర్చుకుంటూ పోతుంది. ఎన్నో తీర్పులపై శిక్షణ పొందింది కనుక "ఫలానా వర్సెస్ ఫలానా", ఆపై ఏడాది, కోర్టు పేరు అన్న వరుస దానికి బాగా పట్టుబడింది. అసలు వివరం లేని చోట, ఆ వరుసకు పొసగే పేరో అంకో వచ్చి కూర్చుంటుంది. పైగా మోడళ్లకు పెట్టే చాలా పరీక్షల్లో "తెలియదు" అంటే మార్కు రాదు, ఊహిస్తే రావచ్చు. అందుకే ఆ ధీమా.

2023లో న్యూయార్క్‌లో, అవియాంకా విమాన సంస్థపై వేసిన కేసులో ఇదే జరిగింది. "వర్గీస్ వర్సెస్ చైనా సదరన్ ఎయిర్‌లైన్స్" వంటి, చాట్‌జీపీటీ అల్లిన లేని తీర్పులను న్యాయవాదులు కోర్టుకు సమర్పించారు. అది నిజమైన కేసేనా అని చాట్‌జీపీటీనే అడిగితే నిజమేనంది! కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది.

కాబట్టి దాన్నే మళ్లీ అడగకండి. హైకోర్టు వెబ్‌సైట్‌లో ఆ నంబరు, ఏడాదితో వెతకండి. ఏమీ దొరక్కపోయినా, వేరే కక్షిదారుల పేర్లు కనిపించినా, ఆ తీర్పును మీ కాగితాల్లోంచి తీసేయండి.